పగిలిన పైపు, ఇన్‌వర్డ్ నంబరు లేని నాలుగు నెలలు

ప్రశ్న: లాయర్ గారూ, ఫిబ్రవరి 9న మా వీధిలో డ్రైనేజీ కాలువ తవ్వుతూ జేసీబీతో మంచినీళ్ల పైపు పగలగొట్టారు. అప్పటి నుంచి మా వరుసలో 11 ఇళ్లకు చుక్క నీరు లేదు. కుళాయి మా అమ్మ పేరున ఉంది. 72 ఏళ్ల మనిషి పక్క వీధి నుంచి బిందె మోసుకొస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. కౌన్సిలర్‌కు ఎన్నోసార్లు చెప్పాం, వాట్సాప్‌లో ఫొటోలు పెట్టాం. ‘రెండు రోజుల్లో’ అంటూ నాలుగు నెలలు గడిపారు. అందరం కలిసి వారానికి మూడు ట్యాంకర్లు, ఒక్కోటి 700 పెట్టి తెప్పించుకుంటున్నాం. మున్సిపాలిటీ మీద కేసు వేయొచ్చా? పక్క వీధి మెయిన్ నుంచి లైను లాగేస్తానని ప్లంబరు అంటున్నాడు. నీటి పన్ను కట్టడం మానేద్దామని కూడా అనుకుంటున్నాం.

జవాబు: కమిషనర్ కార్యాలయంలో ఇన్‌వర్డ్ నంబరు పడిన ఫిర్యాదు మీ దగ్గర ఉందా? మీ ఉత్తరంలో దాని మాటే లేదు. కేసు నిలిచేదీ పోయేదీ దాని మీదే. కౌన్సిలర్‌కు పెట్టిన వాట్సాప్ మెసేజ్ కమిషనర్‌కు ఇచ్చిన దరఖాస్తు కాదు. రేపు మీరు ఏ గడప ఎక్కినా అవతలి వకీలు మొదట అనే మాట ‘ఈ విషయం మా దృష్టికి రాలేదు’ అనే. హైకోర్టులో రిట్ వేసినా, సంబంధిత అధికారిని రాతపూర్వకంగా కోరారా అనే అడుగుతారు. నాలుగు నెలలు కౌన్సిలర్ గుమ్మం చుట్టూ తిరిగి ఒక్క కాగితం ఇవ్వకపోవడం మీ అశ్రద్ధ. ఇప్పుడైనా దిద్దుకోండి.

గడువు సంగతి ముందు చూద్దాం. నీరు రాకపోవడం రోజూ కొనసాగుతున్న లోపం కాబట్టి సరఫరా ఇప్పించమని అడిగే హక్కు ఇంకా అలాగే ఉంది. డబ్బు విషయం వేరు. చట్టం కింద చేసిన పని వల్లో, చేయని పని వల్లో కలిగిన నష్టానికి పరిహారం అడగడానికి లిమిటేషన్ చట్టం 72వ ఆర్టికల్ ఏడాది మాత్రమే ఇస్తుంది. దావాకు ముందు నోటీసు కావాలని, దావా ఆరు నెలల్లోపే వేయాలని చెప్పే మున్సిపల్ చట్టాలూ ఉన్నాయి. అందుకని మీరు ఆరు నెలల లెక్కే పెట్టుకోండి. అంటే ఆగస్టు 8 దాటనివ్వకూడదు.

ఉత్తరం అమ్మగారి పేరున, ఆవిడ సంతకంతోనే వెళ్లాలి. కనెక్షన్ ఆవిడది కనుక మీ సంతకంతో వెళితే ‘ఈయన మా వినియోగదారు కాదు’ అనే సాకు దొరుకుతుంది. మిగతా పది ఇళ్లవారూ ఎవరి ఉత్తరం వారే ఇవ్వాలి. కాలనీవాసులందరూ అని కింద సంతకాలు పెట్టిన ఒక్క కాగితం కన్నా పదకొండు ఇన్‌వర్డ్ నంబర్లు బలమైనవి. అయితే వారిలో ఎవరి కుళాయైనా అనుమతి లేనిదైతే ముందు దాన్ని క్రమబద్ధం చేయించుకోమనండి, లేకపోతే జవాబంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఉత్తరంలో దోమలు, వీధి లైట్లు, కాంట్రాక్టరు లంచాల మాట ఎత్తొద్దు. ఈ మాదిరిగా రాయండి.

గౌరవనీయులైన పురపాలక కమిషనర్ గారికి,

విషయం: ... వీధిలో ఫిబ్రవరి 9న పగిలిన మంచినీటి పైపు, కుళాయి కనెక్షన్ నం. ... కు సరఫరా పునరుద్ధరించవలసిందిగా కోరుతూ.

అయ్యా, నేను డోర్ నం. ... లో నివసిస్తున్నాను. పై కనెక్షన్ నా పేరున ఉంది. నీటి పన్ను ... వరకు చెల్లించాను. ఫిబ్రవరి 9న కాలువ పనికి తవ్వుతుండగా డోర్ నం. ... ఎదుట పంపిణీ పైపు పగిలింది. ఆనాటి నుంచి నేటి వరకు నా కుళాయికి నీరు రాలేదు. ట్యాంకర్లకు నా వాటాగా రూ. ... ఖర్చయింది.

ఈ లేఖ అందిన 7 రోజుల్లో పైపు బాగుచేయించాలని, అంతవరకు మా వీధికి ట్యాంకరు పంపాలని కోరుతున్నాను. పైపు కలిపాక లైను కడిగించి, కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష చేసిన తరువాతే తాగడానికి నీరు వదలాలి. తీసుకున్న చర్యను రాతపూర్వకంగా తెలియజేయగలరు. లేనిపక్షంలో సరఫరా కోసం, ఖర్చుల కోసం చట్టపరంగా వెళ్లక తప్పదు.

ఇట్లు, (సంతకం, తేదీ, ఫోన్)

జతపరచినవి: పన్ను రసీదు, ఫొటోలు, చెల్లింపుల వివరాలు.
ప్రతులు: మున్సిపల్ ఇంజనీరు, వార్డు సచివాలయ ఎమినిటీస్ కార్యదర్శి.

క్లోరిన్ వాక్యం తీసేయకండి. కాలువ పక్కన పగిలిన పైపులోకి మురుగు చేరుతుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. క్లోరోస్కోప్‌తో కుళాయి దగ్గరే నిమిషాల్లో చూడొచ్చు.

ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లి టపాల్ సెక్షన్‌లో ఇవ్వండి. మీ ప్రతి మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు పడేదాకా కౌంటరు వదలొద్దు. వాళ్లు తీసుకోవడానికి ఒప్పుకోకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, డెలివరీ అయినట్టు చూపే ప్రింటు దాచండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వొచ్చు, కానీ అది కమిషనర్‌కు ఇచ్చిన దానికి బదులు కాదు. పదిహేను రోజుల తరువాత సమాచార హక్కు చట్టం కింద ఆ ఇన్‌వర్డ్ నంబరు వేసి, దాని మీద ఏ తేదీన ఎవరు ఏం చేశారో, నోట్ ఫైలు నకలు అడగండి. వారికి 30 రోజుల గడువు. ఆ ఫైలే మీకు సాక్ష్యం.

లెక్క జాగ్రత్త. ఫిబ్రవరి 9 నుంచి జూన్ 8 వరకు 17 వారాలు, 51 ట్యాంకర్లు, రూ.35,700. అది 11 ఇళ్లది. సమానంగా పంచుకుంటే అమ్మగారి వాటా సుమారు రూ.3,245. మొత్తం ఆవిడ పేరున అడిగారో, మిగతా నిజాలన్నీ అనుమానంలో పడతాయి. ట్యాంకరు వాడు బిల్లు ఇవ్వకపోతే ఫోన్‌పే చెల్లింపులు, బ్యాంకు స్టేట్‌మెంటు చాలు. ఫొటోలు, మెసేజ్‌లు ఉన్న ఫోను మార్చొద్దు, రీసెట్ చేయొద్దు. వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63(4) కింద ధ్రువీకరణ పత్రం జతచేయాలి.

ఇక ఆ ప్లంబరును దగ్గరకు రానివ్వొద్దు. నీటి సరఫరా ఆస్తికి నష్టం చేస్తే 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టం 3(2) సెక్షన్ కింద సాధారణంగా ఆరు నెలలకు తగ్గని, ఐదేళ్ల వరకు కఠిన జైలు. మెయిన్‌కు రంధ్రం వేసిన మరుక్షణం మీరు ఫిర్యాదుదారు కాదు, ముద్దాయి. పక్క వీధిలో ప్రెషరు పడిపోయినా నింద మీ మీదకే వస్తుంది. నీటి పన్ను ఆపడమూ అంతే, బకాయిదారు అన్న ముద్రతో మీ హక్కే బలహీనపడుతుంది. ‘సరఫరా లేకున్నా అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని ఒక ఉత్తరం రాసి కట్టేయండి.

7 రోజులు దాటినా పని కాకపోతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి, శాశ్వత లోక్ అదాలత్‌లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం 22సి సెక్షన్ కింద దరఖాస్తు వేయండి. ప్రజలకు నీటి సరఫరా దాని పరిధిలోకి వచ్చే సేవ. కోర్టు ఫీజు లేదు. రాజీ కుదరకపోతే ఆ అదాలతే తీర్పు ఇవ్వగలదు. కానీ కోర్టులో అప్పటికే వేసిన వివాదాన్ని అక్కడ తీసుకోరు, అక్కడ వేశాక అదే వివాదంపై కోర్టుకు వెళ్లడానికీ కుదరదు. కనుక ఈలోగా ఎక్కడా తొందరపడి దావా వేయొద్దు. మహిళ కాబట్టి, ఆదాయంతో సంబంధం లేకుండా అమ్మగారికి అక్కడ ఉచిత న్యాయవాదిని ఇస్తారు. ఆవిడ ఆధార్, కుళాయి రసీదు, ఇన్‌వర్డ్ ముద్ర పడిన ప్రతి వెంట తీసుకెళ్లండి.