సాయం ఆపేముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం చదివాను. మీ నాన్నగారి వైద్యం, ఇంటి అప్పు రెండూ ఒకేసారి మీదపడ్డాక సత్తెనపల్లి అమ్మాయి చదువుకు డబ్బు కట్టడం ఇక నీవల్ల కాదని రాశావు. అందులో తప్పేమీ లేదు. ఆ మాట వాళ్ళకు ఎలా చెప్పాలని అడిగావు. ఎలా చెప్పాలన్నది తర్వాత, ఎప్పుడు చెప్పాలన్నది ముందు చూడాలి.

ముప్పై ఏళ్ళ కిందట నేనూ ఒక పాలిటెక్నిక్ కుర్రాడికి ఫీజు కట్టేవాణ్ణి. చేతిలో డబ్బు ఆడక, ఇవాళ చెబుదాం రేపు చెబుదాం అనుకుంటూ జూలై దాకా లాగాను. తీరా చెప్పేటప్పటికి కాలేజీలో ఫీజు గడువు పది రోజులుంది. ఆ తండ్రి అప్పటికే పంట డబ్బు పాత బాకీలకు కట్టేసి, మిగిలింది విత్తనాల్లో పెట్టేశాడు. బాకీ కింద ఆ పిల్లవాడికి హాల్ టికెట్ ఇవ్వలేదు. ఆ ఏడాది పోయింది, ఆ తర్వాత వాడు మళ్ళీ కాలేజీ మెట్లెక్కలేదు. నాకు డబ్బు లేకపోవడం వాడి చదువును ఆపలేదు. నేను నోరు విప్పకపోవడమే ఆపింది. ఈ మాట ఇప్పటికీ నన్ను కలుక్కుమనిపిస్తుంది కాబట్టే నీకు ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ఇది నవంబరు. వాళ్ళది మూడెకరాల కౌలు మిర్చి. సంక్రాంతి దాటాక కోతలు ఊపందుకుంటాయి, మార్చి, ఏప్రిల్ దాకా కాయ గుంటూరు యార్డుకు వెళుతూనే ఉంటుంది. అడ్వాన్సు ఇచ్చిన కమిషన్ వ్యాపారి తన బాకీ పట్టుకుని మిగతాది చేతిలో పెడతాడు. ఆ మిగిలినదాంట్లోనే పాత అప్పులు, ఉగాదికి మాట్లాడుకునే వచ్చే ఏడాది కౌలు, ఇంటి ఖర్చు. ఏడాది మొత్తంలో ఆ ఇంట్లో డబ్బు గురించి నిజంగా నిర్ణయాలు జరిగేది ఆ రెండు మూడు నెలల్లోనే. అందుకే కాయ అమ్మకముందే వాళ్ళకు తెలియాలి. ఏప్రిల్‌లో చెబితే నీ లెక్కకు మూడు నెలల గడువు ఇచ్చినట్టు ఉంటుంది, వాళ్ళ లెక్కకు మాత్రం ఏమీ ఇవ్వనట్టే.

అమ్మాయికి ఇప్పుడు రెండో ఏడాది మొదటి సెమిస్టర్ పరీక్షలు. అవి అయ్యేదాకా ఆగు. డిసెంబరులో ఇంటికి వచ్చాక ఒక ఆదివారం నువ్వే వెళ్ళు. తండ్రితో పాటు అమ్మాయినీ కూర్చోబెట్టుకో. పంతొమ్మిదేళ్ళ పిల్ల, తన చదువు సంగతి పక్క గదిలోంచి వినకూడదు. ఫోనులో చెప్పకు, మధ్యవర్తి చేత అసలే చెప్పించకు.

వెళ్ళేముందు నువ్వు తేల్చుకోవలసింది ఒకటుంది. ఖాయంగా ఎంత ఇవ్వగలవు? ‘చూద్దాం, వీలైనప్పుడు పంపిస్తాను’ అనే మాట వినడానికి మెత్తగా ఉంటుంది కానీ, ఆ మాట మీద ఆశ పెట్టుకుని వాళ్ళు వేరే దారి వెతకడం మానేస్తారు. నువ్వు రాసిన లెక్క ప్రకారం ఫీజు ఏడాదికి 80,000, హాస్టల్, మెస్ కలిపి 70,000. డిసెంబరులో కట్టవలసిన ఈ ఏడాది రెండో వాయిదా పూర్తిగా కట్టు. వచ్చే జూలైలో మూడో ఏడాది ఫీజులో సగం, 40,000, కాలేజీకే నేరుగా కట్టు. ఇంతవరకు నీకు భారం కాదని నువ్వే రాశావు. అక్కడితో ఆపెయ్యి. అప్పుడు వాళ్ళు చూసుకోవలసింది మూడో ఏడాదికి 1,10,000, నాలుగో ఏడాదికి 1,50,000. మొత్తం 2,60,000. ఈ అంకె వాళ్ళ చేతిలో ఉండాలి.

ఆ అంకె ఎందుకంటే, వాళ్ళకున్న ప్రధానమైన దారి బ్యాంకు విద్యారుణం. మేనేజ్‌మెంట్ కోటా సీటు కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. విద్యారుణం నాలుగు లక్షల వరకు మామూలుగా తాకట్టు లేకుండా ఇస్తారు, తల్లిదండ్రుల్లో ఒకరు సహ రుణగ్రహీతగా సంతకం పెడతారు. కోర్సు ముగిసి ఏడాది గడిచేదాకా వాయిదాలు మొదలుకావు, వడ్డీ మాత్రం లెక్కలో పెరుగుతూ ఉంటుంది. ఆ సంగతి దాచకుండా చెప్పు. ప్రభుత్వ విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టవచ్చు. మేనేజ్‌మెంట్ సీటు అనగానే కొందరు మేనేజర్లు వెనకాడతారు, ఇంకో బ్యాంకుకు వెళ్ళాల్సి వస్తుంది. కాగితాలకూ సమయం పడుతుంది. కాలేజీ నుంచి బోనఫైడ్, మిగిలిన ఏళ్ళ ఫీజుల వివరం, మార్కుల మెమోలు, ఆదాయ ధ్రువపత్రం, తండ్రికీ కూతురికీ పాన్ కార్డులు కావాలి. కౌలు రైతుల ఇళ్ళలో చాలాసార్లు పాన్ ఉండదు. డిసెంబరులో మొదలుపెడితే ఇవన్నీ జూన్‌లోపు తీరిగ్గా అవుతాయి. జూన్‌లో మొదలుపెడితే వడ్డీ వ్యాపారి గుమ్మమే దిక్కు.

మాట చెప్పాక ఒక కాగితం కూడా ఇచ్చి రా. ఆ రోజు మనసు కలతలో సగం మాటలు వినబడవు. పైగా తండ్రి ఆ కాగితాన్ని బావమరిదికో, బ్యాంకులోనో చూపించుకుంటాడు. నేనైతే ఇలా రాస్తాను:

“గౌరవనీయులైన ... గారికి నమస్కారం. మా నాన్నగారి అనారోగ్యం వల్ల ఇంటి ఖర్చులు పెరిగాయి. అందువల్ల అమ్మాయి చదువుకు నేను చేస్తున్న సాయం వచ్చే జూలైతో ఆపవలసి వస్తోంది. ఈ డిసెంబరు వాయిదా పూర్తిగా కడతాను. జూలైలో మూడో ఏడాది ఫీజులో 40,000 రూపాయలు కాలేజీకి కడతాను. ఆ తర్వాత నేను కట్టలేను. దీనికి కారణం అమ్మాయి చదువు కాదు, మీరు కాదు. తను బాగా చదువుతోంది. నేను ఇచ్చినది ఏదీ తిరిగి ఇవ్వనక్కరలేదు. బ్యాంకు రుణానికి కావలసిన కాగితాల జాబితా దీంతో పాటు పెట్టాను.”

‘దీనికి కారణం అమ్మాయి చదువు కాదు’ అన్న వాక్యం మాత్రం వదలకు. సాయం ఆగిందనగానే పిల్లలు మొదట తమ మార్కులే తలచుకుంటారు. మొన్న ఒక సబ్జెక్టు తప్పాను, అందుకేనేమో అని కుమిలిపోతారు. ఇంటి కారణం ఒక్క వాక్యంలో చెప్పు, అంతకుమించి వద్దు. నీ కష్టాలన్నీ ఏకరువు పెడితే వాళ్ళు తమ సంగతి వదిలేసి నిన్ను ఓదార్చాల్సి వస్తుంది. ఇప్పటిదాకా ఎంత పెట్టావో మొత్తం లెక్క చెప్పకు.

ఆ తండ్రి కాసేపు మాట్లాడకపోవచ్చు, లేదా ‘ఇంకొక్క ఏడాది చూడండి బాబూ’ అని చేతులు పట్టుకోవచ్చు. అప్పుడు మెత్తబడి కొత్త మాట ఇచ్చెయ్యకు. కాగితంలో రాసిందే మళ్ళీ నెమ్మదిగా చెప్పు. ఆయన టీ ఇస్తే తాగి, కొంచెంసేపు కూర్చుని రా. చెప్పేసి వెంటనే లేచి రావద్దు.

చదువు మాన్పించి పెళ్ళి చేసేద్దాం అన్న మాట వస్తే, రావచ్చు కూడా, అమ్మాయి ముందే ఆ 2,60,000 లెక్క మరోసారి వివరించు. ఈ ఏడాదితో సగం కోర్సు అయిపోతుందనీ, మిగిలింది రుణంతో పూర్తయ్యేదేననీ ఆమె తన చెవులతో వినాలి.

ఏ ఆదివారం వెళుతున్నావో ముందుగా ఫోన్ చెయ్యి. మరుసటి వారం వాళ్ళను మా ఇంటికి రమ్మను. దరఖాస్తు నేను దగ్గరుండి నింపిస్తాను, మా ఊరి బ్యాంకు మేనేజర్ దగ్గరికి కూడా వెంట వెళతాను. మీ నాన్నగారి రిపోర్టులు ఈసారి వచ్చేటప్పుడు తీసుకురా.

మీ మామయ్య