గేటు తాళంచెవి కోసం సంతకం పెట్టకు

చిరంజీవి శ్రీనుకు, పెద్దబాపు ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోన్‌లో చెప్పింది విన్నప్పటి నుంచి నాకు మనసు కుదుటపడలేదు. నీ చేనుకు ముందున్న చిన్నాయిన పొలం కొన్న హన్మకొండ ఆయన, నువ్వు చేనుకు పోయే బాటకు అడ్డంగా కడీలు పాతి, జాలి కొట్టి, గేటుకు తాళం వేసిండన్నావు. ‘మీ దయతో ఈ పంటకు పోనిస్తున్నారు’ అని కాగితం మీద సంతకం పెడితే తాళంచెవి ఇస్తానన్నడట. ఆ సంతకం పెట్టకు బిడ్డా. పెడితే, నీకు హక్కు లేదని నువ్వే ఒప్పుకున్నట్టు అవుతుంది. దయతో ఇచ్చిన దారి ఎప్పుడైనా మూసేయవచ్చు. రేపు కోర్టులో నీ చేతిరాతే నీ మీద సాక్ష్యమవుతుంది.

నీ హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తా. 1998లో మీ నాయిన, మీ చిన్నాయిన పంచుకునేదాకా ఆ నాలుగెకరాలు ఒకటే కమతం. రోడ్డు వైపు రెండెకరాలు చిన్నాయినకు, లోపలి రెండెకరాలు మీ నాయినకు వచ్చినయి. ఒక్క భూమిని పంచినప్పుడు ఒక భాగానికి దారి లేకుండా పోతే, రెండో భాగం మీదుగా పోయే హక్కు దానంతటదే పుడుతుంది. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం 13వ సెక్షన్ చెప్పేది ఇదే. దీన్ని అవసర దారి హక్కు అంటారు. పంపకాల కాగితంలో బాట ముచ్చట రాయకున్నా ఇది ఉంటుంది. అది భూమిని అంటిపెట్టుకుని ఉంటుంది గనుక చిన్నాయిన అమ్మినా పోదు, కొన్నాయనకూ వర్తిస్తుంది.

ఊర్లో అందరూ ‘ఇరవై ఏండ్ల సంది నడుస్తున్నం’ అనే మాట మీదనే నిలబడుతరు. అది వేరే హక్కు. 20 ఏండ్లు బహిరంగంగా, గొడవ లేకుండా, ఎవరినీ అడగకుండా హక్కుగా నడిచినట్టు చూపాలి. నీకూ ఆ లెక్క దాటింది. కానీ అన్ని ఏండ్లు అది చిన్నాయిన పొలమే కదా, ‘ఇంటోళ్లని పోనిచ్చినం’ అని అవతలి వకీలు అంటడు. అందుకే అవసర దారిని ముందు పెట్టమను, ఇరవై ఏండ్లది దాని వెనుక రావాలి.

ఈ రెండోదానికి గడువుంది. అడ్డం పెట్టిన సంగతి తెలిసీ ఏడాది ఊకుంటే నడక తెగినట్టే లెక్క. దావా కూడా నడక ఆగిన రెండేండ్ల లోపు వేయాలి. నా బావి బాట మూసినప్పుడు నేను చేసిన తప్పు ఇదే. పెద్దమనుషుల పంచాయితీ అంటూ ఏడాదిన్నర తిరిగిన, కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. చివరికి ఆ దారి దక్కలేదు. నీ బాటకు అడ్డంగా గేటు ఉగాదికి ముందర పడ్డది. ఈ వారమే వకీలుతో రిజిస్టర్ పోస్టులో నోటీసు పంపించు, రసీదు దాచిపెట్టు. కడీలు మాత్రం పీకకు. పీకితే కేసు నీ మీదే పడుతది.

ముందుగాల ఊరి నక్షా నకలు తీసి చూడు. అందులో అక్కడ బండ్లబాట గీసి ఉంటే అది సర్కారు బాట, తహసీల్దారుకు దరఖాస్తు పెట్టాలె. లేకుంటే ప్రైవేటు భూమిలో కొత్త బాట తీసిచ్చే అధికారం ఆయనకు ఉండదు. అప్పుడు సివిల్ కోర్టే. హక్కు ప్రకటించమని, అడ్డం తీయించమని దావా వేసి, కేసు తేలేదాకా నిన్ను ఆ దారిలో ఆపొద్దని వెంటనే తాత్కాలిక ఇంజంక్షన్ అడగాలి. కోర్టు తరఫున పొలం చూసి రిపోర్టు రాసే అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని కూడా అడుగు.

కమిషనర్ రాకముందే ఆనవాళ్లు పోకుండా చూడు. వేపచెట్టు కాడ బాట కొద్దిగా వంకర తిరిగి, రెండు చక్రాల గాడులు, నడుమ గడ్డి, ఆ గాడిలోనే కొత్త కడీ పాతి ఉంది కదా, దాన్ని తేదీ పడేటట్టు ఫోటోలు తియ్యి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏండ్ల బొమ్మల్లోనూ ఆ గీత కనబడుతుందేమో చూడు. దున్నిన ట్రాక్టర్ డ్రైవర్, కోత మిషను ఆయన సాక్ష్యం చెప్పాలి. కాలినడక హక్కుంటే బండి హక్కు ఉన్నట్టు కాదు. పంపకాల నాటికే ఎడ్లబండి పోయేదని చెప్పే ముసలోళ్లు ఇద్దరు దొరికితే మంచిది.

అవతలాయన ‘కెనాల్ కట్ట మీద నుంచి పో’ అంటడు. ఇది గట్టి మాట, తేలికగా తీసుకోకు. వేరే దారి నిజంగా ఉంటే, దూరమైనా, కష్టమైనా సరే, అవసర దారి నిలవదు. కానీ కట్టకూ నీ చేనుకూ నడుమ వేరేవాళ్ల మడి ఉంది. దాని మీద నీకు హక్కు లేదు. ఆ మడి కమిషనర్ రిపోర్టులోకి ఎక్కాలి.

ఇంతకన్నా మంచిది రాజీ. పొలం నడుమ నుంచి కాకుండా గెట్టు పొంటి దారి ఇస్తానంటే, ట్రాక్టర్ తిరిగేటట్టుంటే ఒప్పుకో. 330 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు అంటే 3,300 చదరపు అడుగులు, సుమారు 367 గజాలు. గుంటకు 121 గజాల లెక్కన మూడు గుంటలే. అంత కొనుక్కో, లేదా ఆయనకు ఆనుకుని ఉన్న నీ చేనులో మూడు గుంటలు మారకం ఇవ్వు. ఏదైనా కొలతలతో, పటంతో రిజిస్టర్ కావాలి, ఉత్త స్టాంపు కాగితం మీద రాసుకోవద్దు.

పంపకాల కాగితం, పాత పహాణీలు పట్టుకుని బుధవారం రా. నేను టేపు తెస్తా, ఇద్దరం వేపచెట్టు కాడ నుంచి కొలుద్దాం.

మీ పెద్దబాపు