నరమా, నాడియా? చీటీ వెనక ఏ మాట?

సందేహం: నా కథలో కావలి కుర్రాడు రష్యాలో వైద్యం చదువుతూ, ఇంగ్లీషు పాఠాలు అందక వెనకబడిన హాస్టల్ మిత్రుడి కోసం నోట్సును చీటీలుగా మారుస్తాడు. ఒక వైపు ఇంగ్లీషు, రెండో వైపు తెలుగు. ‘నెర్వ్’ చీటీ వెనక ‘నరం’ అని రాయించాను. నర్సుగా పనిచేసే మా వదిన అది తప్పంటోంది. నిజమేనా? – ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: మాట తప్పు కాదు. కానీ ఆ చీటీ మీద అది మిత్రుణ్ని దారి తప్పిస్తుంది.

ఒంగోలులో మా పెద్దమ్మకు సెలైన్ పెట్టబోతూ నర్సు రెండు చేతులూ తడిమి, ‘నరం దొరకడం లేదమ్మా’ అంది. ఆమె వెతికింది సిరను. పిక్క బిగుసుకుంటే ‘నరం పట్టింది’ అంటాం, అక్కడ పట్టేసింది కండరం. ‘నరాల డాక్టరు’ చూసేది మాత్రం నిజంగా నెర్వులనే. తమిళుల ‘నరంబు’ కూడా ఇంతే, వీణ తీగకు సైతం ఆ మాట ఉంది. ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ ‘నెర్వుస్’ కూడా మొదట్లో కండరాన్ని ఎముకకు కట్టే బంధనానికి పేరు.

మీ కుర్రాళ్ల చేత మోచేతి మడత పాఠం చదివించండి. నెత్తురు తీసే సిర అక్కడ చర్మం కిందే ఉంటుంది. ఇంకాస్త లోపల బొటనవేలి వైపు నుంచి వరసగా కండబంధనం, ధమని, నెర్వ్. ఈ నాలుగింటినీ మన ఊళ్లో నరమనే అంటాం. ‘నరం’ అని చదివిన మిత్రుడికి సెలైన్ సూది గుర్తొస్తుంది. నెర్వులో నెత్తురు పారుతుందని పరీక్షలో చెప్పేస్తాడు.

పాఠ్యపుస్తకాల మాట ‘నాడి’. అయితే దానికీ ఒక చిక్కుంది. మణికట్టు దగ్గర నాడి చూశారంటే వేలికి తగిలేది ధమని కొట్టుకోవడం. అందుకే ఒక్క మాట చాలదు, పక్కన ఒక వాక్యం కావాలి. నేనైతే ఇలా రాయిస్తాను: ‘నాడి: మెదడుకూ ఒంటికీ మధ్య కబురు మోసేది. ఇందులో నెత్తురు పారదు. మణికట్టు దగ్గర చూసే నాడి ఇది కాదు.’ సిర చీటీ మీద ‘గుండెకు నెత్తురు తెచ్చేది, సూది గుచ్చే నరం ఇదే’ అనీ, ధమని చీటీ మీద ‘గుండె నుంచి తీసుకెళ్లేది’ అనీ చాలు. ‘ధమనిలో మంచి రక్తం, సిరలో చెడు రక్తం’ అన్న బడి గుర్తు మాత్రం వద్దు. ఊపిరితిత్తులకు వెళ్లే ధమని దగ్గర అది తలకిందులవుతుంది.

చీటీ మీద కొట్టేసిన ‘నరం’ కథలోంచి పోనక్కర్లేదు. కావలి నుంచి అమ్మ ఫోను చేసి, ‘నాన్నకు సూది వేద్దామంటే నరం దొరకలేదట’ అననివ్వండి. అప్పుడు ఆ మిత్రుడి చేయి సిర చీటీ మీదికి వెళ్తే, పాఠం అందినట్టే.