డాక్టర్ సలహా: తలకు హెల్మెట్ ఉన్న పేషెంటుకు బట్టలు మార్చేదెలా?

ప్రశ్న: మా నాన్నగారికి 56 ఏళ్లు. బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలితే ఎడమవైపు పుర్రె ఎముక కొంత తీసి పొట్టలో దాచారు. కుడి చెయ్యి, కుడి కాలు బలహీనంగా ఉన్నాయి. మూడు నెలలు దాటింది. తలకు పెట్టుకోమని కొలత తీసి చేయించిన హెల్మెట్ ఇచ్చారు. టీషర్టు, బనియన్ మార్చేటప్పుడు మెడ దగ్గర ఇరుక్కుని పట్టీ ఊడిపోతోంది, లోపలి స్పాంజి కూడా చిరిగింది. హెల్మెట్ పాడవకుండా బట్టలు ఎలా మార్చాలి? కూర్చోబెడితే తల తిరుగుతోందంటారు, పడుకుంటే సర్దుకుంటుంది. ఫిట్స్ రాకుండా రోజుకు రెండు మాత్రలు రాశారు కానీ మత్తుగా ఉంటున్నారని పది రోజులుగా ఒకటే వేస్తున్నాం. ఎముక తిరిగి పెట్టే ఆపరేషన్ పంట పనులయ్యాక చూద్దామనుకుంటున్నాం.
- ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: బట్టల సంగతి వివరంగా చెబుతానమ్మా. దానికంటే ముందు ఆ మాత్ర గురించి మాట్లాడాలి. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది చిరిగిన స్పాంజి కాదు, ఇంట్లోనే తగ్గించేసిన ఆ రెండో మాత్ర.

మాత్ర పేరు మీరు రాయలేదు. తలకు దెబ్బ తగిలినవారికి మేము ఎక్కువగా లెవెటిరాసెటమ్ రాస్తుంటాం. అది ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకోవలసిన మందు. పొద్దున వేసిన మోతాదు రాత్రికి రక్తంలో బాగా తగ్గిపోతుంది. ఒకటి మానేస్తే రోజులో సగభాగం మెదడుకు రక్షణ తగ్గిపోతుంది. దెబ్బ తిన్న మెదడు, దానిపైన ఎముక లేదు. ఈ స్థితిలో ఫిట్స్ వచ్చి మంచం అంచు నుంచి కింద పడితే ఏమవుతుందో ఆలోచించండి. పది రోజులు ఏమీ కాలేదు కదా అని ధైర్యపడకండి. ఈరోజే ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోన్ చేసి, ఎన్ని రోజులుగా ఎంత వేస్తున్నారో దాచకుండా చెప్పండి. ఆయన చెప్పిన మోతాదే వెయ్యండి. పోయినవన్నీ భర్తీ చేద్దామని ఒకేసారి రెండు, మూడు మాత్రం వెయ్యకండి.

ఇంకో మాట. మత్తుకు కారణం ఆ మాత్రేనని ఎవరు చెప్పారు? కావచ్చు, ఈ మందుకు కొందరిలో మత్తు, చిరాకు వస్తాయి. కానీ మెదడులో నీరు చేరినా, రక్తంలో సోడియం తగ్గినా, ఇన్ఫెక్షన్ వచ్చినా పేషెంటు ఇలాగే మగతగా పడుకుంటాడు. అవి చూడకుండా మందు తగ్గిస్తే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది, పైగా ఫిట్స్ ప్రమాదం తోడవుతుంది. మందు పడకపోతే మార్చడానికి వేరేవి ఉన్నాయి. ఆ పని డాక్టరుకు వదిలెయ్యండి.

ఇక బట్టలు. మెడలోంచి దూర్చే టీషర్టులు, బనియన్లు ఆపరేషన్ అయ్యేదాకా పూర్తిగా పక్కన పెట్టండి. నాకు ఇక్కడ హెల్మెట్ కంటే తల ముఖ్యం. టీషర్టు మెడ పైకి లాగినప్పుడు అది హెల్మెట్ అంచుకు తగులుకుంటుంది, హెల్మెట్ వెనక్కి ఒరుగుతుంది, దాని అంచు ఎముక లేని మెత్తటి చోట నొక్కుతుంది. గడ్డం కింద పట్టీ జరిగి గొంతు మీదికి వస్తుంది. మీకు పట్టీ ఊడినట్టు కనిపిస్తోంది, లోపల చర్మం మీద ఏం జరిగిందో కనిపించదు. హెల్మెట్ తీసినప్పుడు ఒకసారి చూడండి. ఎర్రటి గీత ఉండి అరగంటకీ పోకపోతే అక్కడ ఒత్తిడి పడుతున్నట్టే. కుట్టు దగ్గర అలాంటి మచ్చ ఉంటే ఫొటో తీసి డాక్టరుకు పంపండి.

అలాగని టీషర్టు కోసం హెల్మెట్ తీసి కూర్చోబెట్టడం అంతకంటే తప్పు. కూర్చున్నా, నిలబడినా హెల్మెట్ తల మీద ఉండాల్సిందే. మంచం మీద పడుకున్నప్పుడు తియ్యవచ్చని చాలామంది సర్జన్లు చెబుతారు, మీ డాక్టరు ఏమన్నారో డిశ్చార్జ్ కాగితంలో చూసుకోండి.

ముందు మొత్తం తెరుచుకునే చొక్కాలు వాడండి. ఒక సైజు పెద్దవి, చేతులు వదులుగా ఉన్నవి. బనియన్ లేకపోతే ఆయనకు బాగుండదంటే పాత బనియన్ ముందువైపు పైనుంచి కిందికి కత్తిరించి, అంచులు మడిచి, వెల్క్రో పట్టీ కుట్టించండి. ఊళ్లో ఏ దర్జీ అయినా చేస్తాడు. గుండీలు పెట్టించవద్దు, పక్కకు తిరిగి పడుకుంటే ఒత్తుకుంటాయి. ఇదే ఇబ్బంది ఆడవాళ్లకు వస్తే ముందు జిప్ ఉన్న నైటీ సులువు.

మార్చేటప్పుడు మంచం అంచున కాకుండా చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టండి. పాదాలు రెండూ నేలకు ఆనాలి. హెల్మెట్ పట్టీ పెట్టి ఉండాలి, గడ్డానికీ పట్టీకీ మధ్య ఒక వేలు దూరేంత వదులు చాలు. పట్టీ చివర వేలాడుతుంటే లోపలికి దోపండి, చొక్కా కాలర్ తగులుకునేది ఎక్కువగా దానికే. మీరు ఆయన కుడివైపు, అంటే బలం లేని వైపు నిలబడండి. పడితే అటే పడతారు.

విప్పేటప్పుడు గుండీలన్నీ తీసి, ముందు బాగున్న ఎడమ చెయ్యి బయటికి తీయించండి. అది ఆయనే చేసుకోగలరు, చేసుకోనివ్వండి. చొక్కాను వీపు వెనక నుంచి, హెల్మెట్ వెనక అంచుకు బాగా కిందుగా కుడివైపుకు తెచ్చి, కుడి చేతి నుంచి మెల్లగా జార్చండి. తొడిగేటప్పుడు ఇది తిరగబడుతుంది. ముందు బలం లేని కుడి చెయ్యి. చొక్కా చేతిని మొత్తం ముడుచుకుని, చివర నుంచి మీ చెయ్యి లోపలికి పెట్టి ఆయన అరచేతిని పట్టుకోండి. గాజులు తొడిగినట్టు బట్టను ఆయన చేతి మీదుగా భుజం దాకా ఎక్కించాలి. కదలాల్సింది బట్ట, చెయ్యి కాదు. బలం లేని భుజాన్ని పట్టి లాగితే కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వేధిస్తుంది. ఫిజియోథెరపీ కూడా చేయించుకోలేరు. భుజం దాకా ఎక్కాక చొక్కాను వీపు వెనక నుంచి ఎడమవైపుకు తెచ్చి, ఎడమ చెయ్యి ఆయన్నే దూర్చమనండి. తల బాగా కిందికి వంచమని అడగకండి. కొద్దిగా ముందుకు ఒరిగితే సరిపోతుంది.

కింది బట్టలు పడుకోబెట్టి మార్చండి. అక్కడ కూడా తొడిగేటప్పుడు ముందు కుడి కాలు, తర్వాత ఎడమ కాలు. బాగున్న ఎడమ మోకాలు మడిచి నడుము కొంచెం ఎత్తమంటే చాలామంది ఎత్తగలరు. పక్కకు తిప్పాల్సి వస్తే ఎముక ఉన్న కుడివైపుకే తిప్పండి, అయితే కుడి చెయ్యి ఒంటి కింద నలగకుండా ముందే ముందుకు పెట్టండి. ఎడమవైపుకు తిప్పవద్దు. పంచె, లుంగీ ముడి పొట్ట మీద ఎముక దాచిన చోట పడకూడదు. నాడా కన్నా వదులైన ఎలాస్టిక్ మేలు.

చిరిగిన స్పాంజిని, ఊడిన పట్టీని ఇంట్లో దారంతో కుట్టవద్దు. ముడి ఉబ్బెత్తుగా తయారై అదే తల మీద గుచ్చుకుంటుంది. హెల్మెట్ చేసినవారికే చూపిస్తే లోపలి మెత్త, పట్టీ మార్చి ఇస్తారు. దాన్ని బాగు చేసే రోజుల్లో ఆయన మంచం మీదే ఉండాలి, లేదా వాళ్లనడిగి వేరేది తెచ్చుకోవాలి. బండి హెల్మెట్ పెట్టి సరిపెట్టకండి. అది బరువు, బిగుతు, పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ మెత్తటి చోటును ఒరుసుకుంటుంది. చెమటకు లోపల పలచటి నూలు టోపీ వెయ్యవచ్చు, కుట్టు గీత ఎడమవైపు రాకుండా చూడండి. తువ్వాలు, స్కార్ఫు చుట్టి ముడి వెయ్యడం, పిన్నీసులు పెట్టడం వద్దు. హెల్మెట్ లోపల తడిగుడ్డతో తుడిచి ఫ్యాను కింద ఆరబెట్టండి, ఎండలో పెడితే స్పాంజి పెళుసవుతుంది.

ఇప్పుడు తల తిరగడం. కూర్చుంటే ఎక్కువై, పడుకుంటే తగ్గుతోందన్నారు. ఎముక లేని చోట గుంట పడిందా చూడండి. బయటి గాలి ఒత్తిడికి చర్మం లోపలికి కుంగి మెదడును నొక్కితే ఇలాంటి లక్షణాలు వస్తాయి, కొందరిలో చెయ్యి కాలు బలం కూడా తగ్గుతుంది. బీపీ పడిపోవడం వల్ల కూడా కావచ్చు, కాబట్టి పడుకోబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి బీపీ చూపించండి. గుంట వల్లే అయితే దానికి మందు లేదు, ఎముక తిరిగి పెట్టడమే చికిత్స. ఎముక పెట్టాక కొందరిలో బలహీనత కూడా మెరుగవుతుంది, మీ నాన్నగారి విషయంలో ఎంతన్నది చూడకుండా నేను చెప్పలేను.

అందుకే పంట పనులయ్యాక అన్న మాట నాకు నచ్చలేదు. వాపు తగ్గి, కుట్టు మాని, ఇన్ఫెక్షన్ లేకపోతే సుమారు మూడు నెలల దగ్గర ఈ ఆపరేషన్ చెయ్యడం చాలాచోట్ల మామూలు. ఆ గడువు మీకు దాటింది. పొట్టలో దాచిన ఎముక ఎంత కాలమైనా అలాగే ఉండదు, కొందరిలో మెల్లగా కరుగుతుంది. బాగా కరిగితే టైటానియం ప్లేటో, ఇంకొకటో పెట్టాలి, ఖర్చు పెరుగుతుంది. తేదీ ఎప్పుడన్నది సీటీ స్కాన్ చూసి మీ సర్జనే చెప్పాలి, పంట చూసి మీరు నిర్ణయించకూడదు. వరి కోతకు కూలీలు దొరుకుతారు. నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్లేది మీరే కదా.

ఈ వారంలోనే వెళ్లండి. మాత్రల స్ట్రిప్పులు, డిశ్చార్జ్ కాగితం, పాత స్కాన్లు పట్టుకెళ్లండి, ఆయన హెల్మెట్ పెట్టుకునే వెళ్లాలి. ఈలోపు పిలిచినా సరిగ్గా లేవకపోవడం, వాంతులు, జ్వరం, కుట్టు నుంచి చీము లేదా నీరు, ఎముక లేని చోట గట్టిగా ఉబ్బడం, వీటిలో ఏది కనిపించినా వారం దాకా ఆగకుండా ఆ రోజే తీసుకెళ్లాలి. ఫిట్స్ వస్తే ఎముక ఉన్న కుడివైపుకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా, చేతిలో తాళాలు పెట్టకండి, పట్టీ బిగుతుగా ఉంటే వదులు చెయ్యండి, టైము చూసుకోండి. మొదలవగానే 108కి ఫోన్ చెయ్యండి. ఐదు నిమిషాలలోపే ఆగిపోయినా అంబులెన్సును వెనక్కి పంపకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.