సోరియాసిస్ ఒక్కసారిగా వీపంతా పాకితే

“మాది నరసన్నపేట. నాన్నకి సోరియాసిస్ ఎప్పుడూ మోచేతుల మీదే ఉండేది. ఇప్పుడు వీపంతా పాకింది. అందరూ టెన్షన్ వల్లే అంటున్నారు. కొత్తగా బీపీకి అటెనొలాల్ వాడుతున్నారు. క్రీమ్ మానేసి బయోలాజిక్ ఇంజెక్షన్ వేయించాలా?”

ముందు అనుమానించాల్సింది ఆ అటెనొలాల్‌నే. అది బీటా బ్లాకర్. ఈ రకం మందులు కొందరిలో సోరియాసిస్‌ను పెంచుతాయి. మొదలుపెట్టిన కొన్ని వారాలకో, నెలలకో చర్మం మీద కనిపిస్తుంది కాబట్టి మాత్ర మీదకి అనుమానం పోదు. టెన్షన్ కూడా నిజమైన కారణమే, కానీ అక్కడితో ఆగిపోకండి.

1. ఏ మందు ఎప్పుడు మొదలైంది, ఏది ఎప్పుడు ఆపారు అన్నది తేదీలతో రాయండి. అందరూ వదిలేసేది ఇదే. ఊళ్లో వేయించిన ఇంజెక్షన్లు కూడా రాయండి. స్టెరాయిడ్ అయితే, ఆపాక సోరియాసిస్ ఎగదన్నుతుంది. ఈమధ్య గొంతు నొప్పి, జ్వరం వచ్చాయా అన్నదీ చెప్పండి.

2. అటెనొలాల్‌ను మీరే ఆపేయొద్దు. హఠాత్తుగా మానితే గుండెకి ప్రమాదం. రాసిచ్చిన డాక్టర్‌నే వేరే రకం మాత్రకి మార్చగలరా అని అడగండి. మార్చినా చర్మం తేరుకోవడానికి వారాలు పడుతుంది.

3. ఆ కాగితంతో చర్మ డాక్టర్‌ని కలవండి. క్రీమ్ రాసిన చోటే పనిచేస్తుంది. బయోలాజిక్ ఒళ్లంతటా వాపు పుట్టించే ఒక సంకేతాన్ని, టీఎన్‌ఎఫ్ లేదా ఐఎల్-17 లాంటిదాన్ని, అడ్డుకుంటుంది. జబ్బును శాశ్వతంగా తీసేయదు, ఆపితే తిరిగి రావచ్చు. వేసే ముందు టీబీ, హెపటైటిస్ పరీక్షలు తప్పనిసరిగా చేయించండి.

జ్వరంతో చీము పొక్కులు వచ్చినా, ఒళ్లంతా ఎర్రబడినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.