నాన్న పుట్టినరోజుకి ఏం రాయను?

ప్రశ్న: నాన్న పోయి ఎనిమిది నెలలైంది. వచ్చే వారం ఆయన పుట్టినరోజు. ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే, ‘మా దైవం, మా ధైర్యం’ లాంటి మాటలే వస్తున్నాయి. అవి ఎవరి నాన్నకైనా సరిపోతాయి. నిజానికి మేం పెద్దగా మాట్లాడుకున్నది లేదు. ఫోన్ చేస్తే ‘తిన్నావా’ అని అడిగి అమ్మకిచ్చేసేవారు. ఇంటి బాధ అందరికీ ఎందుకంటున్నాడు అన్నయ్య. ఏం చేయను?

జవాబు: ఆ ‘తిన్నావా’ దగ్గరే మొదలుపెట్టండమ్మా. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఆ ఒక్క మాటలో ఆయన గొంతు వింటారు. ‘దైవం’ అన్నప్పుడు ఆ గొంతు వినిపించదు.

రాసేముందు అమ్మతో ఒకసారి మాట్లాడండి. ఫోన్ తన చేతికిచ్చాక నాన్న ఏం చేసేవారో అడగండి. పక్కనే కూర్చుని వినేవారా? మీరు పెట్టేశాక ‘ఏమంటోంది’ అని అడిగేవారా? ఫోన్‌కి అవతలి వైపు మీకు తెలియని సంగతి ఆమెకు తెలిసి ఉంటుంది. ఏమీ గుర్తు లేదన్నా ఫరవాలేదు, ఉన్నది ఉన్నట్టు రాయండి. ఉదాహరణకి ఇలా:

‘ఈరోజు నాన్న పుట్టినరోజు. ఫోన్‌లో నాన్న నాతో ఎక్కువ మాట్లాడేవారు కాదు. తిన్నావా అని అడిగి అమ్మకిచ్చేసేవారు. ఇప్పుడు ఇంటికి ఫోన్ చేస్తే అమ్మే ఎత్తుతుంది. ఆ మాట అడిగేవాళ్ళు లేరు.’

ఇక్కడితో ఆపేయవచ్చు. మీ మధ్య లేని చనువును ఉన్నట్టు రాస్తే, రేపు చదువుకున్నప్పుడు మీకే ముల్లులా గుచ్చుకుంటుంది. అలాగని మాటల్లేకపోవడాన్ని ఫిర్యాదుగా రాయడానికి ఇది చోటు కాదు. ఆ బాధ గట్టిగా ఉంటే ఆయనకే ఉత్తరంలా రాసి మీ దగ్గరే ఉంచుకోండి. ఆసుపత్రి రోజుల సంగతులు, మంచం మీది ఫొటోలు వద్దు. ఆయన బాగున్నప్పటి ఫొటో ఒకటి చాలు.

మీ అన్నయ్య మాటను తీసిపారేయకండి. దుఃఖాన్ని నలుగురిలో పెట్టలేనివాళ్ళు ఉంటారు. రాసింది ముందు అమ్మకి, తర్వాత అన్నయ్యకి చూపించండి. అన్నయ్య పేరు ట్యాగ్ చేయకండి. పోస్ట్ ఎవరికి కనపడాలో ఎంచుకునే చోట ‘అందరికీ’ అని కాకుండా స్నేహితులకు మాత్రమే, లేదా మీరు ఎంచిన కొద్దిమందికే అని పెట్టుకోవచ్చు.

ఇంకొక్క విషయం, ఇది చాలామందికి తట్టదు. నాన్న ఖాతా ఇంకా మామూలుగానే ఉంటే ఆ రోజు ఆయన స్నేహితులకు పుట్టినరోజు గుర్తుచేస్తూ నోటిఫికేషన్ వెళ్ళవచ్చు. కబురు తెలియనివాళ్ళు ‘నిండు నూరేళ్ళు’ అని రాస్తే, అమ్మ కంటబడితే, ఆమెకు చాలా కష్టంగా ఉంటుంది. మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి ఫేస్‌బుక్‌ను కోరితే దాన్ని స్మారక ఖాతాగా మారుస్తారు. అలా మారాక ఆ గుర్తుచేయడాలు ఆగిపోతాయి, ఫొటోలు అలాగే ఉంటాయి. కానీ తర్వాత ఆ ఖాతాలోకి పాస్‌వర్డ్‌తో ఎవరూ వెళ్ళలేరు. కాబట్టి కావలసినవి ముందే దాచుకోండి, అన్నయ్యతో కలిసి నిర్ణయించుకోండి. వారంలోపు ఆ పని అవుతుందని చెప్పలేం. ఈలోగా ఆయన దగ్గరి స్నేహితులకు మీరే ఫోన్ చేసి ఒక మాట చెప్పండి.