కార్డు మీద ‘నేచురల్’, రాయిలో గాజు: డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: మా వారి ఆరోగ్యం కోసం కెంపు ధరించాలని సిద్ధాంతిగారు చెబితే, 2023 నవంబరు 10న, ధనత్రయోదశి నాడు హైదరాబాదులోని ఒక దుకాణంలో ఉంగరం కొన్నాం. 1,85,000 రూపాయలు ఇచ్చాం. లక్ష ఫోను ద్వారా, మిగతాది నగదు. బిల్లు లేదు, చీటీ ఇచ్చారు. రాయికి ల్యాబ్ కార్డు ఉంది, ‘నేచురల్ రూబీ’ అని. గత ఫిబ్రవరిలో సైజు సరిచేయడానికి కాకినాడలో కంసాలికి ఇస్తే, వేడి తగలగానే రాయి మీద గీతలు, బుడగలు లేచాయి. మరో ల్యాబ్‌లో చూపిస్తే పగుళ్లలో సీసపు గాజు నింపారని రాసిచ్చారు. దుకాణంవారు మొదట మాకు సంబంధం లేదన్నారు. ఇప్పుడు పాత రాయి, కార్డు ఇచ్చి ఒక కాగితం మీద సంతకం చేస్తే వేరే కెంపు ఇస్తామంటున్నారు. ఏడు నెలలుగా తిరుగుతున్నాం. నమ్మి మోసపోయాం. ఆ ల్యాబ్ మీద, సిద్ధాంతి మీద కూడా కేసు వేయవచ్చా? — ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు సిద్ధాంతిని, ల్యాబ్‌ను పక్కన పెట్టండి. మీ కేసు తేలేది ఒకే ఒక్క అంశం మీద: రాయిలో గాజు నింపి ఉందని అమ్మినవాడు మీకు చెప్పాడా, లేదా? మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే.

మీరు ల్యాబ్ మీద కోపంగా ఉన్నారు. కానీ మీరు పంపిన కార్డు ప్రతిలో ఉన్నది అబద్ధం కాదు. ‘నేచురల్’ అంటే ఆ రాయి భూమిలో పుట్టిందని, కర్మాగారంలో తయారుచేసిన కృత్రిమ కెంపు కాదని మాత్రమే అర్థం. దానికి ఏ మెరుగూ పెట్టలేదని ఆ మాటకు అర్థం లేదు. మెరుగుల సంగతి చెప్పే గడి వేరు. పెద్ద నివేదికల్లో అది వ్యాఖ్యల వరుసలో ఉంటుంది. ‘వేడిచేసిన గుర్తులు ఉన్నాయి’ అనో, ‘గుర్తులు కనిపించలేదు’ అనో, ‘పగుళ్లలో గాజు’ అనో రాస్తారు. మీ కార్డులో ఆ గడి ఖాళీగా ఉంది. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఇది రాయి గుర్తింపు కోసమేనని, మెరుగుల పరీక్ష చేయలేదని, విలువ అంచనా కాదని ఉంది. కొన్నరోజే ఆ కార్డు తిప్పి చూసి ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన అవసరం ఉండేది కాదు. ఖాళీ గడిని ‘ఏమీ లేదు’ అని చదువుకోవడం వల్లే ఎక్కువమంది నష్టపోతున్నారు. ఉంగరం మీద హాల్‌మార్క్ ఉందని కూడా రాశారు. అది బంగారం స్వచ్ఛతకు గుర్తు. రాయి గురించి అది ఒక్క మాటా చెప్పదు.

దుకాణంవారు చెప్పబోయే సమాధానం నాకు తెలుసు. ‘కెంపులన్నిటికీ ఏదో ఒక మెరుగు ఉంటుంది, అది మామూలే’ అంటారు. ఇందులో సగం నిజముంది. మీరు జారిపడేది ఆ సగం దగ్గరే. బజారులోని కెంపుల్లో చాలా భాగం వేడిచేసినవే. వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో ఉంచితే లోపలి సన్నని నూలు లాంటి స్ఫటికాలు కరిగి రాయి తేటపడుతుంది, రంగు మెరుగవుతుంది. ఆ మార్పు శాశ్వతం. ఆ రాయి మామూలు వాడకాన్ని తట్టుకుంటుంది, మరమ్మతు అయినా తట్టుకుంటుంది. అలాంటి రాయిని వేడిచేసిందని చెప్పి అమ్మితే తప్పు లేదు. వేడిచేయని రాయి కన్నా ధర తగ్గుతుంది, అంతే.

గాజు నింపడం దీనికి పూర్తిగా వేరు. పగుళ్లతో నిండి, వెలుతురు దూరని, చెక్కడానికీ పనికిరాని కెంపు ముక్కలను తీసుకుంటారు. ముందు ఆమ్లంతో కడిగి పగుళ్లలోని మలినాలు తీసేస్తారు. ఆ తర్వాత సీసం ఎక్కువగా ఉన్న గాజును కరిగించి పగుళ్లలోకి ఎక్కిస్తారు. సీసపు గాజు వెలుతురును వంచే తీరు కెంపుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి పగుళ్లు కంటికి కనబడవు. 2004 ప్రాంతం నుంచి ఈ రకం రాళ్లు బజారులోకి వచ్చాయి. పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద అటూ ఇటూ వంచితే పగుళ్ల వెంట నీలిరంగు మెరుపు తళుక్కుమంటుంది, చదునైన గాలి బుడగలు కనిపిస్తాయి. గాజు మరీ ఎక్కువగా ఉన్నవాటిని కొన్ని ప్రసిద్ధ ల్యాబ్‌లు ఉత్త ‘కెంపు’ అని కూడా రాయవు, కెంపు, గాజు కలిసిన మిశ్రమ వస్తువు అంటాయి. ఇలాంటి రాయి కంసాలి మంటను, నగలు శుభ్రం చేసే ఆమ్లాన్ని, చివరికి నిమ్మరసాన్ని కూడా తట్టుకోలేదు. క్యారెట్ కొన్ని వందల రూపాయలకు దొరికే సరుకు ఇది.

ఇప్పుడు మీ చీటీ చూద్దాం. ఉంగరం బంగారానికి, మజూరీకి 30,000; రాయికి 1,55,000. 5.22 క్యారెట్లకు లెక్కిస్తే క్యారెట్ దాదాపు 30,000. దుకాణం నుంచి మీ ఫోనుకు వచ్చిన సందేశంలో ఫొటో కింద ‘బర్మా కెంపు, వేడి కూడా చేయనిది’ అని ఉంది. వేడిచేయని బర్మా కెంపు ఐదు క్యారెట్ల పరిమాణంలో ఈ ధరకు రాదు. ఆ ధర విన్నప్పుడే మీకు అనుమానం రావలసింది. అయినా మీ చేతిలోని అన్ని కాగితాల కన్నా బలమైనది ఈ సందేశమే. మీరు దాన్ని ఉత్తరం చివర, ‘ఇది కూడా పనికొస్తుందేమో’ అంటూ జతచేశారు! ఏ మెరుగూ లేదని రాతపూర్వకంగా చెప్పి గాజు నింపిన రాయి అమ్మడం, వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 2(47) సెక్షన్ ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. వస్తువు నాణ్యత, కూర్పు గురించి తప్పుగా చెప్పడం అందులోకి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే సెక్షన్ కింద అనుచిత పద్ధతే. కాబట్టి బిల్లు లేదని కేసు పోదు. కానీ మూడు శాతం పన్ను, అంటే 5,550 రూపాయలు మిగులుతాయని మీరే చీటీకి ఒప్పుకున్నామని రాశారు. అది మీ పొరపాటు. వినియోగదారుల కమిషన్ అడిగితే దాచవద్దు.

వాళ్లిస్తామంటున్న వేరే కెంపు సంగతి. ఆ కాగితం మీద సంతకం చేయవద్దు. రాయి ఇవ్వవద్దు, అసలు కార్డు ఇవ్వవద్దు. ఆ కాగితంలో ‘ఇకపై నాకు ఎలాంటి అభ్యంతరాలు లేవు’ అన్న ఒక్క వాక్యం ఉంటుంది. అది మీ హక్కును అక్కడే ముగించేస్తుంది. రాయి వాళ్ల చేతికి వెళ్లిన మరుక్షణం మీ కేసులో సాక్ష్యం లేదు. వచ్చే కొత్త రాయి కూడా అదే డబ్బాలోది కాదని ఎవరు చెప్పగలరు? అలాగే నిమ్మరసంలో నానబెట్టి చూడమని మీ బంధువు ఇచ్చిన సలహా పాటించకండి. గాజు కరిగిపోతే, పాడుచేసింది మీరేనని అంటారు.

వాళ్లు అమ్మిన రాయి, మీరు పరీక్ష చేయించిన రాయి ఒకటేనా అన్నది వాళ్ల అసలు వాదన అవుతుంది. పాత కార్డులో బరువు 5.22 క్యారెట్లు, కొత్త నివేదికలో 5.17. ‘ఇది మా రాయి కాదు’ అనడానికి ఈ తేడా చాలు. కానీ కొలతలు చూడండి: పాతది 11.2, 9.4, 6.2 మిల్లీమీటర్లు, కొత్తది 11.19, 9.41, 6.18. ఆకారం అదే. మంటకు పైపొరల్లోని గాజు కొంత కరిగి ఊడిపోతే బరువు ఆ మాత్రం తగ్గవచ్చు. ఈ మాట చెప్పవలసింది మీరు కాదు, మీ కంసాలి. ఉంగరం తన చేతికి ఏ రోజు వచ్చింది, మంట పెట్టగానే ఏం జరిగింది, రాయి ఎప్పుడు విప్పి ఇచ్చాడు అన్నది అతనితో ప్రమాణ పత్రం రాయించండి. పాడుచేసింది కంసాలే అని వాళ్లు అంటే సమాధానం ఒక్కటే: మంటకు గాజు కరుగుతుంది గానీ పుట్టదు. రాయి లోపల సీసపు గాజు ముందే ఉంది. పాత కార్డు నంబరు మీద ఆ ల్యాబ్‌లో ఫొటోతో నమోదు ఉంటుంది. దాన్ని తెప్పించమని కమిషన్‌ను కోరవచ్చు. ల్యాబ్‌తో మీకు అవసరం అంతవరకే.

ఇక గడువు. చట్టంలోని 69వ సెక్షన్ ప్రకారం కేసుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. మోసం బయటపడింది 2025 ఫిబ్రవరిలో కాబట్టి అక్కడి నుంచి లెక్కించాలని వాదించవచ్చు, ఆ వాదనకు బలం ఉంది. కానీ అవతలివాళ్లు కొన్నరోజు నుంచే లెక్కిస్తారు. అలా చూస్తే 2025 నవంబరు 10 నాటికి రెండేళ్లు నిండుతాయి. నేను ఇది రాస్తున్నది 2025 సెప్టెంబరులో. వాదించి గెలవాల్సిన గడువు కన్నా వాదనే అక్కర్లేని గడువు మేలు. ఆ తేదీ లోపలే దాఖలు చేయండి. దుకాణం చుట్టూ తిరిగిన ఏడు నెలలూ లెక్కలోంచి పోవు. మీరు నోటీసు పంపినా, వాళ్లు ‘చూస్తాం’ అన్నా గడువు ఆగదు. పోలీసు ఫిర్యాదు ఇవ్వవచ్చు, 2023 నాటి లావాదేవీ కనుక పాత శిక్షాస్మృతి 420వ సెక్షన్ వర్తిస్తుంది. కానీ దాని వల్ల కూడా ఈ గడువు ఆగదు.

కేసు కోసం హైదరాబాదు వెళ్లనక్కర్లేదు. వినియోగదారుల చట్టం 34వ సెక్షన్ కింద మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. నగదుగా ఇచ్చిన 85,000కు ఆధారం ఆ చీటీయే, అందులో మొత్తం ధర ఉంది గనుక దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టండి. లక్ష రూపాయలు ఎవరి ఖాతాలో పడ్డాయో బ్యాంకు వివరాలలో చూడండి. దుకాణం పేరు కాక ఇంకెవరి పేరైనా ఉంటే వారినీ ప్రతివాదిగా చేర్చాలి. సందేశం ఉన్న ఫోను మార్చవద్దు, అమ్మవద్దు. ఆ సందేశం ప్రతికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయించండి.

ఫిర్యాదులో ‘కెంపు నకిలీ’ అని రాయకండి. అలా రాస్తే వాళ్లు ఆ కార్డు చూపించి మీ నోరు మూయిస్తారు. ‘వేడి కూడా చేయనిదని చెప్పి, సీసపు గాజు నింపిన రాయి అమ్మారు, ఆ సంగతి దాచారు’ అని రాయండి. మొత్తం ధర వడ్డీతో తిరిగి ఇప్పించమని, ఉంగరం తిరిగి ఇవ్వడానికి సిద్ధమని, పరిహారం, ఖర్చులు కోరుతున్నామని రాయండి. దానితో పాటే వినియోగదారుల చట్టం 38వ సెక్షన్ కింద రాయిని కమిషన్ సమక్షంలో సీలు వేసి తగిన ల్యాబ్‌కు పంపమని దరఖాస్తు పెట్టండి. పరీక్ష రుసుము ముందు మీరే కట్టవలసి ఉంటుంది. రాయి పాడవకుండా చేసే పరీక్షే అది. మీ నివేదికను మీరు డబ్బిచ్చి తెచ్చుకున్నదని వాళ్లు కొట్టిపారేయవచ్చు, కమిషన్ తెప్పించే నివేదికను అలా అనలేరు.

దుకాణం నుంచి మళ్లీ ఫోను వస్తే ఇస్తామన్నదేదో రాసి పంపమనండి, అంతకుమించి మాట్లాడవద్దు. ఫిర్యాదు నమోదైన రసీదు చేతికి వచ్చేదాకా ఆ రాయిని ఇంటి గడప దాటనివ్వకండి.